తొమ్మిదో భాగానికి పేరేమిటి?

పోయినసారి కీబోర్డుతో నా కుస్తీ గురించి రాశాను కదా, ఆ టైపింగంతా దేనికో తర్వాత చెబుతానన్నాను. మా పిన్ని నవల కోసం. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు పిన్ని రేపల్లె దగ్గర పల్లెలో వాళ్ల నాయనమ్మ ఇంట్లో ఉంది, పదహారేళ్ల పిల్ల. చాలా ఏళ్ల తర్వాత తెనాలిలో కూర్చుని నాలుగు నోటుబుక్కుల్లో రాసింది. ఏ పత్రికకూ పంపలేదు. "గట్టు దాటిన నీళ్లు" అని పేరు పెట్టి బీరువాలో దాచింది. నేను ఇక్కడ లెస్టర్లో శని, ఆదివారాలు రెండు వేళ్లతో మొదలుపెట్టి, తర్వాత పది వేళ్లూ నేర్చుకుని, వారానికొక భాగం చొప్పున ఇరవై రెండు భాగాలు టైపు చేసి నా సైటులో పెట్టాను.

పిన్ని ప్రతి భాగం లింకూ మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. ఒకరోజు తొమ్మిది, పది, పదకొండు భాగాలు వరసగా పంపింది. మా పెద్ద మావయ్య వెంటనే, "ఏమ్మా, ఒకటే మూడుసార్లు పంపావు, చెయ్యి జారిందా?" అని అడిగాడు. నేను చూశాను. మూడు డబ్బాలు, మూడింట్లోనూ ఒకే పేరు, పేరు కింద ఒకే రెండు లైన్లు. మావయ్య తప్పేం లేదు. పిన్ని ఆ రాత్రి ఫోన్ చేసి, "ఒరే నాన్నా, అందరూ మొదటి భాగం చదివి, తర్వాతవి కూడా అదే అనుకుని వదిలేస్తున్నార్రా" అంది. మరి ఆఫీసులో నా ఉద్యోగం ఏమిటంటే వెబ్‌సైట్లు చెయ్యడం. ఏం మొహం పెట్టుకుని సమాధానం చెప్పను?

తప్పు ఎక్కడుందో వెతకడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఎందుకంటే అది నేను రాసిన తప్పే. సైటు మొదలుపెట్టిన కొత్తలో, "ఇది ధారావాహిక, అన్నీ ఒకే నవల, కాబట్టి అన్నిటికీ ఒకే పేరూ ఒకే పరిచయం చాలు" అనుకుని ఇలా పెట్టాను:

```html
<title>గట్టు దాటిన నీళ్లు - ధారావాహిక నవల</title>
<meta name="description" content="1977 ఉప్పెన నేపథ్యంలో నవల...">
<link rel="canonical" href="https://example.com/bhagam-1/">
```

ఇరవై రెండు భాగాలకూ ఇవే మూడు లైన్లు. మొదటి రెండూ చదివేవాళ్లకు కనబడతాయి. టైటిల్ బ్రౌజర్ ట్యాబు మీద, వెతికినప్పుడు వచ్చే జాబితాలో నీలం అక్షరాల్లో కనబడుతుంది. డిస్క్రిప్షన్ దాని కింద రెండు లైన్లుగా వస్తుంది. వాట్సాప్ కోసం og:title, og:description అని విడిగా ఉంటాయి, నేను వాటిలో కూడా ఇవే నింపాను. మూడోది ఎవరికీ కనబడదు, అసలు దెబ్బ కొట్టింది అదే. కెనానికల్ అంటే సెర్చ్ ఇంజన్‌తో "ఈ పేజీ నకలు, అసలు ప్రతి ఫలానా చోట ఉంది" అని చెప్పడం. అంటే ఇరవై రెండో భాగం మొదటి భాగానికి నకలని నేనే సంతకం పెట్టి ఇచ్చాను. గూగుల్ దాన్ని సూచనగానే తీసుకుంటుంది, తప్పనిపిస్తే పక్కన పెట్టగలదు. కానీ పేరు ఒకటే, పరిచయం ఒకటే, పైగా సైటు యజమానే నకలంటున్నాడు. ఇంక అనుమానించాల్సిన పనేముంది?

ఇలాంటిది మీ సైటులో జరిగిందో లేదో తెలుసుకోవడం తేలికే. సెర్చ్ కన్సోల్‌లో పేజీల జాబితా తెరిస్తే, చేర్చుకోని పేజీల కారణాల్లో `Alternate page with proper canonical tag` అని ఒక వరస ఉంటుంది. పేరు చూస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది, అందుకే ఎవరూ తెరిచి చూడరు. నేను తెరిస్తే అందులో పిన్ని నవల రెండో భాగం నుంచి చివరి దాకా ఇరవై ఒక్కటీ వరసగా కూర్చుని ఉన్నాయి.

ఆ లైను తీసేశాను. వర్డ్‌ప్రెస్ తనంతట తాను ప్రతి రచనకూ దాని సొంత చిరునామానే కెనానికల్‌గా ఇస్తుంది, నేను వేలు పెట్టకపోతే చాలు. టైటిల్లో భాగం సంఖ్య చేర్చాను. ఇక పరిచయం. ఇక్కడ రెండో తప్పు చేశాను, ఇది మొదటిదానికన్నా చెడ్డది.

ఇరవై రెండు పరిచయాలు ఎవరు రాస్తారులే అని, రచనలో మొదటి యాభై అయిదు పదాలు తీసుకొమ్మని పెట్టాను. వర్డ్‌ప్రెస్ సొంతంగా సారాంశం తయారుచేస్తే తీసుకునేది అన్ని పదాలే. ధారావాహిక చదివిన అలవాటున్న మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ప్రతి భాగం పైనా ఏముంటుంది? "జరిగిన కథ" ఉంటుంది! రెండు నుంచి ఆరో భాగం దాకా పిన్ని రాసిన జరిగిన కథ ఒకేలా మొదలవుతుంది, చివర మాత్రమే ఒక్కో ముక్క పెరుగుతుంది. దాంతో ఆ అయిదింటికీ మళ్లీ అవే మాటలు. ఏడో భాగం నుంచి ఆవిడ పద్ధతి మార్చి, కిందటి వారం జరిగినదాంతోనే మొదలుపెట్టింది. పద్దెనిమిదో భాగం జరిగిన కథలో మొదటి వాక్యం, "నాయనమ్మ ఇక లేదని తేలింది."

పదిహేడు భాగాల పాటు ఆ ముసలావిడ దొరుకుతుందా లేదా అన్నదే నవల. దాన్ని నేను వాట్సాప్ డబ్బాలో బొమ్మ పక్కన అచ్చేసి పంచాను. అప్పటికి అయిదో భాగంలో ఉన్న మా అక్క ఫోన్ చేసి నన్ను తిట్టలేదు కానీ, "ఇంక చదవబుద్ధి కావట్లేదు" అంది. తిట్టినా బావుండేది.

పిన్నితో, జరిగిన కథ తీసేద్దామా అని అడిగాను. "వారం వారం చదివేవాళ్లకి అది లేకపోతే ఎలాగరా? పాతవాళ్లు ఆ పద్ధతి ఊరికే పెట్టారా?" అంది. నిజమే. తీసేయాల్సిన పని కూడా లేదు. పరిచయం విడిగా చేత్తో రాయాలి, అంతే. అయినా ఇంకో చిక్కుంది. మనం ఎంత చక్కగా డిస్క్రిప్షన్ రాసినా గూగుల్ దాన్నే చూపించాలని లేదు. వెతికినవాళ్ల మాటలకు పేజీలో వేరే వాక్యం బాగా కలిసిందనుకుంటే అదే తీసి చూపిస్తుంది. జరిగిన కథలో పాత్రల పేర్లు, ఊళ్ల పేర్లు అన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి దాని చెయ్యి మొదట అక్కడికే పోతుంది. అందుకని జరిగిన కథ చుట్టూ ఇలా కంచె వేశాను:

```html
<div data-nosnippet>
  <p>జరిగిన కథ: ...</p>
</div>
```

`data-nosnippet` ఉన్న ముక్కను గూగుల్ తన జాబితాలో ఉదాహరణగా చూపించదు. పేజీ మీద మాత్రం మామూలుగానే కనబడుతుంది, పాఠకుడికి తేడా తెలియదు. ఇది `div`, `span`, `section` అనే మూడు ట్యాగుల మీదే పనిచేస్తుంది. నేను మొదట పేరా ట్యాగుకే తగిలించి, పనిచెయ్యదేమిటా అని ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

ఇక పరిచయాలు. ఆదివారం ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ పిన్ని భోజనం అయ్యాక ఫోన్ పెట్టుకుని కూర్చున్నాం. "ఏం జరిగిందో చెప్పకు పిన్నీ, చదివేవాడు ఎక్కడ నిలబడి ఉంటాడో చెప్పు" అన్నాను. పిన్ని కాసేపు ఆలోచించి తొమ్మిదో భాగానికి ఇలా చెప్పింది: "ఉప్పెన రాత్రి. తలుపు మూసి ఉంచాలా, తీసి ఉంచాలా అని ఇంట్లో వాదన." పద్దెనిమిదికి: "సహాయ శిబిరంలో గంజి కోసం వరస. ఆ వరసలో ఒక మనిషికి చోటు ఖాళీగా ఉంచుతారు." నేను మాట్లాడకుండా టైపు చేసుకుంటూ పోయాను. రెండు ఆదివారాల్లో ఇరవై రెండూ అయ్యాయి. మొదటి వాక్యం పొట్టిగా, దానంతట అది అర్థమయ్యేలా ఉండాలన్నది మాత్రం నేను పెట్టిన షరతు. ఎందుకంటే ఎక్కడ కోస్తారన్నది అక్షరాల లెక్క కాదు, తెర వెడల్పు లెక్క. మన అక్షరాలు వెడల్పైనవి, ఇంగ్లీషులో ఒక లైనులో పట్టేది మనకు ఒకటిన్నర లైను అవుతుంది. రెండో వాక్యం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

టైటిళ్లకు కూడా అదే బాధ. "గట్టు దాటిన నీళ్లు - ధారావాహిక నవల - భాగం 9" అని రాస్తే ఫోన్లో కనబడేది "గట్టు దాటిన నీ..." వరకే. తొమ్మిది అన్న ఒక్క ముక్కే తేడా చెప్పేది, అదేమో తోకలో ఉంది. ఇప్పుడు "9. మూసిన తలుపు – గట్టు దాటిన నీళ్లు" అని ఉంటుంది. నవలలో భాగాలకు పేర్లు లేవు, అంకెలే. పేర్లు కూడా పిన్నే పెట్టింది, "ఈ వయసులో ఇరవై రెండుసార్లు బారసాల చేయిస్తున్నావు" అంటూ.

ఇదంతా ధారావాహిక సంగతి. సైటులో "కథలు" అని ఇంకో జాబితా ఉంది, స్నేహితులవీ నావీ కలిపి నూట ముప్పై ఏడు కథలు. పేజీకి పది చొప్పున పధ్నాలుగు పేజీలు. పిన్ని నవలతో గుణపాఠం నేర్చుకున్నానన్న ఉత్సాహంలో, ఈ పధ్నాలుగు పేజీలకు కూడా తలా ఒక పరిచయం రాసేశాను. మూడో పేజీకి, ఆ పేజీలో ఉన్న మంచి కథలు రెండు మూడింటి పేర్లు చెబుతూ రెండు వాక్యాలు. ఇలా అన్నిటికీ. ఇది మూడో తప్పు.

ఎందుకంటే తొమ్మిదో భాగం ఎప్పటికీ తొమ్మిదో భాగమే. కానీ జాబితాలో మూడో పేజీ అంటే ఒక వస్తువు కాదు, ఒక కొలత మాత్రమే. పైనుంచి ఇరవై ఒకటి నుంచి ముప్పై దాకా ఈ రోజు ఏవి ఉంటే అవి. కొత్త కథ ఒకటి పెట్టగానే ప్రతి పేజీలోనూ చివరిది జారి తర్వాతి పేజీ నెత్తికెక్కుతుంది. వారానికొక కథ పెడితే పది వారాల్లో మూడో పేజీలో ఉన్న పదీ నాలుగో పేజీకి పోతాయి. నేను రాసిన పరిచయం మాత్రం అక్కడే ఉండి, ఖాళీ చేసి వెళ్లిన అద్దెవాళ్ల పేరుతో గుమ్మానికి బోర్డులా వేలాడుతుంది. అలాగే జరిగింది. హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన, గూగుల్లో చూసి మూడో పేజీకి వచ్చాననీ, తను వెతుకుతున్న కథ పేజీ అంతా తిరగేసినా లేదనీ ఉత్తరం రాశారు. అది అప్పటికి నాలుగో పేజీలో ఉంది.

అందుకని జాబితాలకు నియమం వేరు. మొదటి పేజీకి మాత్రమే పరిచయం, అది కూడా మొత్తం జాబితా దేని గురించో చెప్పేది. రెండో పేజీ నుంచి పరిచయం అసలు ఇవ్వను. ఖాళీ డిస్క్రిప్షన్ ట్యాగు కూడా పెట్టను. అప్పుడు సెర్చ్ ఇంజన్ ఆ రోజు పేజీలో నిజంగా ఉన్న వాక్యాలనే తీసుకుంటుంది. అది వచ్చి చూసిన రోజుకూ పాఠకుడు వచ్చిన రోజుకూ మధ్య తేడా ఎలాగూ ఉంటుంది, దానికి నేను రాసిన పాత మాట కూడా తోడవడం ఎందుకు?

```php
function na_parichayam() {
  if ( is_singular() && get_query_var( 'page' ) < 2 )
    return get_post_meta( get_queried_object_id(), 'parichayam', true );
  if ( is_category() && ! is_paged() )
    return wp_strip_all_tags( category_description() );
  return '';
}
```

ఇందులో `page` అనేది ఒకే పెద్ద వ్యాసాన్ని `<!--nextpage-->` పెట్టి ముక్కలు చేసినప్పుడు వచ్చే అంకె. జాబితా పేజీల అంకె `paged`. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, ఒకదాని బదులు ఇంకోటి రాస్తే ఏ తప్పూ చూపించకుండా ఊరుకుంటాయి. ముక్కలు చేసిన వ్యాసం రెండో ముక్కకు కూడా పరిచయం ఇవ్వలేదు, అదే వ్యాసం కొనసాగింపు కాబట్టి.

మరి జాబితా టైటిల్? పేజీల వరసలో అన్నిటికీ ఒకే టైటిల్, ఒకే డిస్క్రిప్షన్ ఉన్నా ఫరవాలేదనీ, అవి ఒక వరసని తామే గుర్తించే ప్రయత్నం చేస్తామనీ గూగుల్ వాళ్ల సూచనల్లోనే ఉంది. కాబట్టి "డూప్లికేట్ టైటిల్" అని ఏదైనా పనిముట్టు ఎర్ర గీత గీస్తే గాభరా పడక్కర్లేదు. నేను మాత్రం "కథలు – పేజీ 3" అనే ఉంచాను. అది గూగుల్ కోసం కాదు. నాలుగు ట్యాబులు తెరిచి ఏది ఎక్కడుందో వెతుక్కునే నాలాంటివాళ్ల కోసం, పేజీ తెరవగానే టైటిల్ చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్ల కోసం. దీనికి కోడు రాయక్కర్లేదు, మన థీములో `title-tag` ఒప్పుకుంటే వర్డ్‌ప్రెస్సే పేరు పక్కన పేజీ సంఖ్య చేరుస్తుంది. నేను థీములో నా చేత్తో రాసుకున్న టైటిల్ లైను తీసేస్తే సరిపోయింది.

ఈ విషయం మీద ఇప్పటికీ తిరుగుతున్న పాత సలహాలు రెండున్నాయి. ఒకటి, పేజీల మధ్య `rel="next"`, `rel="prev"` పెడితే గూగుల్ వరస తెలుసుకుంటుందని. వాటిని తాము వాడటం లేదని వాళ్లే 2019 మార్చిలో చెప్పారు. ఉంటే నష్టం లేదు, వాటి మీద ఆశ మాత్రం పెట్టుకోకూడదు. రెండోది, రెండో పేజీ నుంచి `noindex` పెట్టమని. ఇది నాకు నచ్చదు. చాలాకాలం అలా వదిలేసిన పేజీల్లో లింకుల వెంట వెళ్లడం కూడా గూగుల్ మానేస్తుంది. నా పన్నెండో పేజీలో ఉన్న పాత కథలకు ఆ పేజీ తప్ప వేరే దారి లేదు. ఆ తలుపు మూస్తే అవి లోపలే ఉండిపోతాయి. జాబితా పేజీలన్నిటికీ మొదటి పేజీని కెనానికల్‌గా చూపించడం కూడా ఇలాంటిదే. పన్నెండో పేజీలో ఉన్న కథలు మొదటి పేజీలో లేవు కదా, నకలు ఎలా అవుతుంది?

సర్దుబాట్లన్నీ అయ్యాక వారాల తరబడి కనిపెట్టుకుని కూర్చున్నాను. భాగాలు ఒక్కొక్కటే సెర్చ్ కన్సోల్‌లో ఆ వరస లోంచి ఈ వరసలోకి వచ్చాయి, అంకెల క్రమంలో కాదు, దాని ఇష్టం వచ్చినట్టు. పద్దెనిమిదోది అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. వాట్సాప్‌లో పాత సందేశాలు మాత్రం మారలేదు, మారవు. ఆ డబ్బా పంపేవాళ్ల ఫోన్లో, పంపే క్షణంలో తయారై సందేశంతో పాటే వెళ్లిపోతుంది. పిన్ని తొమ్మిది, పది, పదకొండు మళ్లీ పంపింది. మావయ్య ఈసారి ఏమీ అడగలేదు, "తలుపు సంగతి నాకు జ్ఞాపకమే" అని మాత్రం రాశాడు.

ఒక్కటి మాత్రం సరిచెయ్యలేకపోయాను. లింకు చిరునామాల్ని వర్డ్‌ప్రెస్ టైటిల్ నుంచే తయారుచేస్తుంది, దానికి 200 అక్షరాల హద్దుంది. ఇంగ్లీషుకి 200 చాలా ఎక్కువ. తెలుగులో గుణింతం, పొల్లు కూడా విడిగా లెక్కకొస్తాయి, అలాంటి ఒక్కో గుర్తూ చిరునామాలో `%E0%B0%97` లాగా తొమ్మిది అక్షరాలవుతుంది. అంటే ఇరవై రెండు గుర్తులు దాటితే కత్తిరింపే. నేను మొదట పెట్టిన పొడుగు టైటిల్ "గట్టు-దాటిన-నీళ్లు-ధారావ" దగ్గర తెగిపోయింది, భాగం సంఖ్య దాకా రానే లేదు. అన్నీ ఒకటే అయ్యేసరికి, వచ్చిన వరసలో -2, -3 అని తోకలు తగిలించింది. అవి భాగం సంఖ్యలే అనుకుని నేను మురిసిపోయాను. ఒక వారం పొరపాటున పదకొండో భాగం ముందు, పదోది తర్వాత పెట్టాను. కాబట్టి -10 అని ఉన్న లింకులో పదకొండో భాగం, -11లో పదోది ఉన్నాయి.

మార్చేద్దామనే కూర్చున్నాను. చిరునామా మారిస్తే పాతదాన్ని వర్డ్‌ప్రెస్ గుర్తుపెట్టుకుని కొత్తదానికి దారి చూపిస్తుంది, కానీ పాత చిరునామాలో ఇప్పుడేమీ లేనప్పుడే. ఈ రెండింటినీ అటూ ఇటూ మారిస్తే రెండు చిరునామాల్లోనూ ఏదో ఒకటి ఉంటుంది, కాబట్టి దారి చూపించదు. ఎవరో దాచుకున్న పదో భాగం లింకు నొక్కితే పదకొండు తెరుచుకుంటుంది. పిన్నికి చెబితే, "లోపల నెంబరు సరిగ్గా ఉందిగా, ఉండనీరా" అంది. ఉంచేశాను.